అమ్మ చెయ్యి రిపోర్టు గురించి మావయ్య ఉత్తరం

అల్లుడూ,

మీ అమ్మ ఎక్స్‌రే, రిపోర్టు ఫోనులో చూశాను. ‘కమిన్యూటెడ్’ అన్న మాట చూసి ఎముక పిండైపోయిందని మీ నాన్న కంగారు పడుతున్నాడట. శ్రీకాకుళంలో ఎముకల వార్డులో ఇన్నేళ్లు కట్లు కట్టినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. ఆపరేషనా కాదా అన్నది మాత్రం చెయ్యి పట్టి చూసిన డాక్టరే చెప్పాలి.

కమిన్యూటెడ్ అంటే విరిగినచోట ఎముక రెండు ముక్కలతో ఆగలేదు, మూడో అంతకన్నా ఎక్కువో అయ్యాయని. అంతే. ఆ ఒక్క మాటతోనే ఆపరేషన్ ఖాయం కాదు. దాని పక్కనున్న మాటలు చూడాలి. అమ్మ రిపోర్టులో ‘డిస్టల్ రేడియస్’ అని ఉంది, అంటే ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక, మణికట్టు దగ్గరి కొస. నూతిగట్టు మీద జారి అరచెయ్యి ఆనించి పడితే విరిగేది ఎక్కువగా అక్కడే. తరవాత ‘డార్సల్ డిస్‌ప్లేస్‌మెంట్’, అంటే విరిగిన కొస చేతి వెనకవైపుకు జరిగింది. చివర ‘ఇంట్రా ఆర్టిక్యులర్’ అని ఉంది చూడు, నన్ను ఆపింది ఆ మాటే. పగులు కీలు లోపలిదాకా వెళ్లిందన్నమాట.

జరిగిన ఎముకని మత్తిచ్చి లాగి చోటికి తెస్తారు. అమ్మకి నిన్న క్యాజువాలిటీలో చేసింది అదే. తెచ్చాక అది అక్కడే నిలుస్తుందా అన్నదే అసలు పేచీ. ఒకవైపు ఇటుకలు నలిగిపోయిన గోడని నిలబెడితే మళ్లీ ఆ వైపే ఒరుగుతుంది కదా, వెనకవైపు ఎముక నలిగితే కట్టులో ఉండగానే కొస అలాగే ఒరిగిపోతుంది. బయటికి ఏమీ తెలీదు. నొప్పి కూడా తగ్గుతూనే ఉంటుంది. అందుకే లాగి కట్టిన వెంటనే ఒక ఎక్స్‌రే, వారం తిరిగాక ఒకటి, రెండో వారం చివర ఇంకొకటి తప్పనిసరి. మూడు వారాలు దాటితే ఎముక అతుక్కోవడం మొదలవుతుంది, అప్పుడు సరిచెయ్యడం కష్టం.

కట్టు తరవాత తీసిన ఎక్స్‌రే చూపించి డాక్టరుగారిని మూడు సంగతులడుగు. కీలు లోపల ముక్కల మధ్య ఎత్తుపల్లం, అంటే మెట్టు, ఎంత ఉంది, ఎముక ఎంత పొట్టిదైంది, వెనక్కి ఎంత వంగింది. మెట్టు 2 మిల్లీమీటర్లు దాటినా, పొట్టిదనం 3 దాటినా, వంపు 10 డిగ్రీలు దాటినా ఆపరేషన్ చేసి ప్లేటు వెయ్యాలా అన్న ఆలోచన మొదలవుతుంది. మెట్టు సరిగ్గా తెలియకపోతే సీటీ స్కాన్ రాస్తారు. డెబ్బై దాటి, ఇంట్లో చిన్న పనులే చేసుకునే మనిషైతే కాస్త వంకరగా అతికినా చెయ్యి బాగానే పనికొస్తుంది, నేను కట్టుతోనే సరిపెట్టుకోమనేవాణ్ణి. మీ అమ్మకి 58, అది కుడి చెయ్యి, పొలం పనీ పశువులూ ఆవిడవే. అంకెలు దాటితే ప్లేటుకి వెనకాడొద్దు. ఖర్చు సంగతికి బియ్యం కార్డు పట్టుకెళ్లి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని కలువు. కట్టుతోనే నిలిస్తే ఆరు వారాలు పడుతుంది.

నీ తమ్ముడికి క్రికెట్లో తగిలినదాని రిపోర్టు కూడా పంపావు. ‘హెయిర్‌లైన్, అన్‌డిస్‌ప్లేస్డ్’ అంటే సన్నటి పగులు, ఎముక కదల్లేదు. దానికి లాగడం ఉండదు, కట్టు చాలు. అయితే హెయిర్‌లైనేగా అని వాడు కట్టు విప్పి బ్యాటు పట్టుకుంటే, కదలని ఎముక కదిలే ఎముక అవుతుంది. ఇంకోటి, పడ్డాక ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా, బొటనవేలి మొదట్లో గుంటలో నొక్కితే నొప్పి ఉంటే వదలకూడదు. అక్కడి స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక పగులు మొదటి రోజు కనపడకపోవచ్చు. కట్టు ఉంచి, పది పద్నాలుగు రోజులకి మళ్లీ తీయిస్తే బయటపడుతుంది.

పసరు కట్టు సంగతి మీ నాన్న ఎత్తాడట. జరిగిన ఎముకకీ, ముక్కలైన ఎముకకీ వద్దని నా మాటగా చెప్పు. వాపు పెరిగే రోజుల్లో వెదురుబద్దలు బిగించి కట్టగా వేళ్లు నల్లబడి వచ్చినవాళ్లని వార్డులో చూశాను. ఆసుపత్రి కట్టైనా సరే, చెయ్యి గుండెకన్నా ఎత్తులో ఉంచండి. అమ్మ వేళ్లు గంటకోసారి పూర్తిగా ముడిచి చాపాలి. నువ్వే ఆవిడ వేళ్లు పట్టుకుని చాపి చూడు: అలా చాపితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా, బొటనవేలు నుంచి మధ్యవేలు దాకా తిమ్మిరెక్కినా, గోళ్లు పాలిపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే తీసుకెళ్లి కట్టు సడలించమను.

వెళ్లేటప్పుడు పాత ఫిల్ములన్నీ పట్టుకెళ్లు. ఎముక జారిందో లేదో మొదటిదాని పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

మీ మావయ్య