నెలాఖరున మిగిలిన పనులకు కారణం వెతికేటప్పుడు, పూర్తయిన పనులు కూడా పక్కన పెట్టుకోండి

ప్రశ్న: మాది వరంగల్‌లో చిన్న షాపు. ప్రతి నెల ఒకటో తారీఖున ఆ నెల ఇవ్వాల్సిన పనులు రాసుకుంటాను. నెలాఖరుకు సగం మిగిలిపోతాయి. ఎందుకు మిగిలాయో కూర్చుని ఆలోచిస్తే ప్రతిసారీ "టైం సరిపోలేదు" అనే తేలుతుంది. వచ్చే నెల మళ్లీ అదే కథ. అసలు ఎలా చూడాలి?

జవాబు:

నాది హన్మకొండలో వడ్రంగి వర్క్‌షాప్. ముగ్గురు మిస్త్రీలు ఉంటారు. కబోర్డులు, కిచెన్లు, మందిరాలు చేస్తాం. మీరు చెప్పిన తిప్పలు నేనూ రెండు మూడేళ్లు పడ్డాను. దారి దొరికింది 2024 జనవరి లెక్క చూసుకున్నప్పుడు. ఆ ఒక్క నెల సంగతే వివరంగా చెప్తాను.

ఆ నెల తొమ్మిది పనులు ఒప్పుకున్నాం. అయిదు ఇచ్చాం, నాలుగు మిగిలాయి. ఎందుకని అడిగితే మా మిస్త్రీలూ నేనూ ఒకే మాట అన్నాం: "సంక్రాంతి వచ్చింది కదా, మనుషులు లేరు." ఆ మాట రాసేసి పుస్తకం మూసేవాడినే. కానీ ఒక అనుమానం వచ్చింది. సంక్రాంతి తొమ్మిది పనులకూ వచ్చింది, అయినా అయిదు సమయానికే వెళ్లాయి కదా? పూర్తయిన పనికీ మిగిలిన పనికీ సమానంగా తగిలిన దాన్ని కారణం అనలేం. పైగా పండుగ ఎప్పుడొస్తుందో క్యాలెండర్ చూస్తే ముందే తెలుస్తుంది. అది చూడకుండా తేదీ ఇచ్చింది నేనే.

అందుకని ఒక్కో పనికి తేదీలు రాశాను. ఎప్పుడు ఒప్పుకున్నాం, ఎప్పుడు చెయ్యి పెట్టాం, ఎప్పుడు ఆగింది, మళ్లీ ఎప్పుడు మొదలైంది. ఇవి జ్ఞాపకం మీద రాయకండి, తప్పుతాయి. నేను ప్లైవుడ్ షాపు బిల్లులు, ఫోన్‌పేలో డబ్బులు పంపిన తేదీలు, కస్టమర్‌తో వాట్సాప్ మెసేజీలు ముందర పెట్టుకుని రాశాను. రెండు గంటలు పట్టింది.

హంటర్ రోడ్ వాళ్ల కబోర్డు 25న ఇస్తామన్నాం. బాక్సులు ఎప్పుడో అయిపోయాయి. షట్టర్ల మీద అతికించే సన్‌మైకా షీటు ఏది వేయాలో ఆ ఇంట్లో తేల్చలేదు. దాని డిజైన్ నంబర్ వాట్సాప్‌లో వచ్చింది 22 రాత్రి. ఇచ్చింది ఫిబ్రవరి 3న. మా చేతులకు పట్టిన పని అనుకున్నంతే, ఒక్క రోజు కూడా ఎక్కువ కాలేదు. మందిరం జాలీని బయట మెషిన్ కటింగ్‌కు ఇచ్చాం. పండుగ ముందు ఇస్తే 20న చేతికొచ్చింది. కాజీపేట కిచెన్‌కు నేనే తొందరపడి టైల్స్ వేయకముందు కొలతలు తీశాను. టైల్స్ వేశాక గోడకు గోడకు మధ్య దూరం తగ్గింది, షట్టర్లు మళ్లీ చేశాం. నాలుగోది ఒక క్లినిక్ టేబుళ్లు. వాటి చోటులోకి మా బావ వాళ్ల మంచం దూరింది. అది లిస్టులోనే లేదు. బావ కదా, కాదనలేకపోయాను.

ఇప్పుడు పూర్తయిన అయిదింటిని చూశాను. అయిదింటికీ సన్‌మైకా ముందే తేలింది, కొలతలు టైల్స్ తర్వాతే తీశాం, బయటి వాళ్ల పని ఏదీ లేదు. అంటే తేడా మనుషుల సంఖ్యలో లేదు. రెండు పనులు వేరేవాళ్ల కోసం ఆగాయి, ఒకటి మళ్లీ చేయాల్సి వచ్చింది, ఒకటి దూరి వచ్చిన పని కింద నలిగింది. మిస్త్రీలు నెమ్మదిగా చేయడం వల్ల మిగిలింది ఒక్కటీ లేదు. ఇంకో మనిషిని పెట్టుకుందాం అనుకుంటున్న రోజులవి. పెట్టుంటే నలుగురూ కలిసి సన్‌మైకా నంబర్ కోసం కూర్చునేవాళ్లం.

పనివాళ్లను అడిగే తీరు కూడా మార్చాను. "ఎందుకు లేటయింది?" అంటే ఎవరైనా తమ మీదికి రాని జవాబే చెప్తారు. "ఏ రోజు చేతులు ఖాళీగా ఉన్నాయి?" అని అడిగాను. "18, 19 తారీఖుల్లో పాత కస్టమర్ల తలుపుల కబ్జాలు బిగించి వచ్చాం అన్నా" అన్నారు. నేను ఆ రోజుల్లో మెటీరియల్ కోసం తిరుగుతున్నాను, నాకు తెలియనే తెలియదు.

ఇక వచ్చే నెల ఎంత ఒప్పుకోవాలి అన్నది. మేం పనిని హాజర్లలో లెక్కేస్తాం, ఒక మిస్త్రీ ఒక రోజు పని ఒక హాజరు. జనవరిలో ఆదివారాలు, పండుగ సెలవులు పోను 24 పని రోజులు, ముగ్గురికి 72 హాజర్లు. నేను ఒప్పుకున్నది 58 హాజర్ల పనే. ఇంకా 14 చేతిలో ఉన్నాయని ధీమా. తీరా చూస్తే, పూర్తయినవీ సగం అయినవీ కలిపి, ముందు వేసుకున్న అంచనా ప్రకారం 44 హాజర్ల పనే ముందుకు కదిలింది. మిగతా 28లో మంచానికి 8, కిచెన్ షట్టర్లు మళ్లీ చేయడానికి 6. మిగిలిన 14 ఎదురుచూపుల్లో, రిపేర్లలో, సామాను మోయడంలో పోయాయి. అంటే వంద హాజర్లు ఉంటే అరవై మాత్రమే ఒప్పుకున్న పనికి చేరుతున్నాయి.

ఫిబ్రవరిలో ఆదివారాలు పోను 25 పని రోజులు. 21 నుంచి 24 వరకు మేడారం జాతర. మా దగ్గర ఆ వారం ఎవరైనా పనికొస్తారని అనుకోవడం వృథా. నేనూ బెల్లం మొక్కు తీర్చుకోవాలి. వచ్చాక అలసట రోజుతో కలిపి అయిదు రోజులు తీసేశాను. 20 రోజులు, 60 హాజర్లు. అందులో అరవై శాతం 36. జనవరి నుంచి మిగిలిన పనికే ఇంకో 14 కావాలి, అది ముందు తీసేయాలి. కొత్త పనులకు మిగిలింది 22. ఈ తీసివేత మర్చిపోవడం వల్లే పాత బాకీ ప్రతి నెలా నెత్తిన కూర్చుంటుంది. అప్పటికి అయిదుగురు అడుగుతున్నారు, అంతా కలిపి 38 హాజర్ల పని. 21 హాజర్లకు సరిపడే మూడు తీసుకున్నాను, రెండు మార్చికి అన్నాను. ఒకాయన ఒప్పుకున్నాడు, ఒకాయన వేరే దగ్గరికి వెళ్లిపోయాడు. మాఘమాసం పెళ్లిళ్ల సీజన్‌లో వచ్చిన బేరం పోతే బాధగానే ఉంటుంది.

తేదీ చెప్పే మాట కూడా మార్చాను. "25న ఇస్తాం" అనడం మానేసి "మీరు సన్‌మైకా నంబర్ పంపిన రోజు నుంచి తొమ్మిది పని రోజులు" అంటున్నాను. టైల్స్ వేయని కిచెన్‌కు అడ్వాన్స్ తీసుకుంటాను గానీ, ఆ నెల లిస్టులో ఎక్కించను.

ఈ అరవై శాతం నా షాపుది, మీరు అదే వాడకండి. మీ లెక్క మీరు తీయండి. ఒక్క నెల అంకెను మరీ నమ్మొద్దు, మూడు నెలలవి తీసి నడిమిది పట్టుకోండి. నెలకు ఒకటో రెండో పెద్ద పనులు మాత్రమే చేసేవాళ్లకు ఈ శాతం అంతగా పనికిరాదు. ఒక్క పని అటూ ఇటూ అయితే అంకె మొత్తం మారిపోతుంది. వాళ్లు పని ఎక్కడ ఆగిందో తేదీలు చూసుకుంటే చాలు.

ఆ ఫిబ్రవరిలో పాతవి నాలుగు, కొత్తవి మూడు, మొత్తం ఏడు. ఆరు ఇచ్చాం. ఏడోది సాఫ్ట్‌క్లోజ్ కబ్జాల స్టాక్ రాక ఆగింది. అది కూడా ఎదురుచూపుల లెక్కలోకే వెళ్లింది. ఇప్పుడు కబ్జాలు చేతికొచ్చాకే తేదీ ఇస్తున్నాను. బావ మాత్రం మొన్న డైనింగ్ టేబుల్ అడిగాడు. నెలకు 4 హాజర్లు ఇంటోళ్ల ఖాతాలో ముందే పక్కన పెట్టాను, అందులోంచే చేశాం.