ఒక పెద్ద వ్యాసాన్ని న్యూస్‌లెటర్‌గా, చిన్న పోస్టులుగా, వీడియో స్క్రిప్టుగా మార్చడం ఎలా?

ప్రశ్న: నేను తెలుగులో రెండు వేల మాటల వ్యాసాలు రాస్తాను. ఒక్కోదానికి వారం పడుతుంది. అదే వ్యాసాన్ని న్యూస్‌లెటర్‌గా, సోషల్ మీడియా పోస్టులుగా, చిన్న వీడియోగా ఎలా మార్చాలి? పేరాలు కత్తిరించి పెడితే ఎవరూ పట్టించుకోవట్లేదు.

జవాబు:

నేను ఇంటి పైకప్పు మీద పెట్టుకునే సోలార్ గురించి రాస్తుంటాను కాబట్టి ఆ వ్యాసాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. ఇంటి సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే, 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం మీద రాసిన పెద్ద వ్యాసం అది. సబ్సిడీ ఎంత, ఎన్ని కిలోవాట్లు పెట్టుకోవాలి, మనం వాడిన కరెంటునూ, బయటి లైన్‌కు పంపిన కరెంటునూ లెక్కించే నెట్ మీటర్ ఎలా పనిచేస్తుంది, కరెంటు పోతే ఏమవుతుంది, అన్నీ అందులో ఉన్నాయి.

నేను పేరాలను అస్సలు కత్తిరించను. పేరా అనేది పై పేరా చదివినవాళ్ల కోసం రాసింది. విడిగా తీస్తే దానికి తలా తోకా ఉండవు. అందుకే ముందు వ్యాసం మొత్తం చదువుతూ, ఏ భాగం ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందో ఒక షీట్‌లో రాసుకుంటాను. ప్రశ్న పక్కన జవాబు, దాని పక్కన ఆ జవాబు ఏ షరతు మీద నిజమో రాస్తాను. ఈ మూడో గడే అన్నిటికన్నా ముఖ్యం. "సబ్సిడీ 78,000" అనేది జవాబు. "3 కిలోవాట్లు, ఆపైన పెట్టుకుంటేనే" అనేది షరతు. వ్యాసంలో ఆ రెండూ నాలుగు వాక్యాల దూరంలో ఉండొచ్చు, ఇబ్బంది లేదు. చిన్న పోస్టులో మాత్రం రెండూ కలిసే ఉండాలి. లేకపోతే 1 కిలోవాట్ పెట్టించుకున్నాయన కూడా 78,000 వస్తుందనుకుంటాడు. ఆయనకు వచ్చేది 30,000.

షీట్ తయారయ్యాక ఏ ప్రశ్న ఎక్కడికి వెళ్లాలో తేలిగ్గానే తెలుస్తుంది. చదివేవాళ్లు తమ కాగితాలు ముందు పెట్టుకుని లెక్క వేసుకోవాల్సింది న్యూస్‌లెటర్‌కు వెళ్తుంది. ఒక్క చూపులో అర్థమయ్యేది పోస్టుకు, కళ్లతో చూస్తేనే నమ్మకం కుదిరేది వీడియోకు.

నా న్యూస్‌లెటర్‌కు "మా ఇంటికి ఎన్ని కిలోవాట్లు కావాలి?" అన్న ఒక్క ప్రశ్నే తీసుకున్నాను. నెలకు 300 యూనిట్లు వాడే ఇంటికి రోజుకు 10 యూనిట్లు కావాలి. మన ఎండకు 1 కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. అంటే రెండున్నర కిలోవాట్లు, సర్దుకుంటే 3. కిలోవాట్‌కు దాదాపు 100 చదరపు అడుగుల చొప్పున, నీడ పడని చోటు 300 అడుగులు ఉండాలి. న్యూస్‌లెటర్‌లో అసలు విషయం ఇంతే. చివర "మీ పోయిన నెల బిల్లులో ఎన్ని యూనిట్లు పడ్డాయి? రిప్లై ఇవ్వండి" అని అడిగాను. వ్యాసం లింకు ఒక్కచోటే ఇచ్చాను, నెట్ మీటర్ ప్రస్తావన వచ్చిన దగ్గర. అక్కడ చదివేవాళ్లకు నిజంగా ఇంకా తెలుసుకోవాలనిపిస్తుంది.

వ్యాసం మొత్తాన్ని మెయిల్‌లో పెట్టకపోవడానికి తెలుగువాళ్లకు ఇంకో కారణం ఉంది. మెయిల్ సుమారు 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతా భాగాన్ని మడిచేస్తుంది. ఇంగ్లీషు అక్షరం ఒక బైట్ తీసుకుంటే తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. దానికి టెంప్లేట్ బరువు కూడా తోడైతే పెద్ద తెలుగు వ్యాసం ఆ హద్దుకు త్వరగా చేరుతుంది. మడిచిన భాగంలోనే మీ ఆఖరి ప్రశ్న, అన్‌సబ్‌స్క్రైబ్ లింకు ఉండిపోతాయి. అందుకే పంపేముందు మీ జీమెయిల్‌కే ఒకటి పంపుకుని చివరిదాకా కిందికి జరిపి చూడండి.

ఇక పోస్టులు. ఎక్స్‌లో ఉచిత ఖాతాకు 280 అక్షరాలే. తెలుగులో ఒత్తులు, గుణింతాలు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. "స్త్రీ" అని రాస్తే ఆరు పోతాయి. కాబట్టి చేతిలో ఉన్నవి ముప్ఫై, నలభై మాటలే అనుకుని రాయండి. నేను పెట్టిన పోస్టు ఇది:

"ఇంటిపై 3 కిలోవాట్ల సోలార్‌కు కేంద్రం సబ్సిడీ 78,000 రూపాయలు. అంతకన్నా పెద్దది పెట్టినా అంతే. ఆ డబ్బు ముందే రాదు. ప్యానెళ్లు బిగించి, నెట్ మీటర్ పెట్టాక మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది."

ఇందులో "పూర్తి వివరాలకు వ్యాసం చదవండి" అని లేదు. వ్యాసం తెరవనివాళ్లకు కూడా ఇది పూర్తి జవాబే. ఇలాంటివి ఒక వ్యాసంలో నాకు నాలుగైదు దొరుకుతాయి. వాటిని ఒకే రోజు కుప్పగా పెట్టకుండా రెండు వారాల్లో వేస్తాను. పోస్టు కింద "1 కిలోవాట్‌కు ఎంత?", "లోన్ తీసుకుంటే ఎలా?" అని ఒకే రకం ప్రశ్నలు వస్తున్నాయంటే షరతు ఎక్కడో జారిపోయిందని అర్థం. షీట్‌లో మూడో గడి సరిచేసి పోస్టు మళ్లీ రాస్తాను.

వీడియోకు "కరెంటు పోతే సోలార్ పనిచేస్తుందా?" అన్న ప్రశ్న తీసుకున్నాను. బ్యాటరీ లేకుండా వీధి కరెంటు లైన్‌కు కలిపే మామూలు ఆన్‌గ్రిడ్ సిస్టమ్ పనిచేయదు, చాలామందికి ఇది తెలియదు. వ్యాసంలో ఇలా రాశాను: "గ్రిడ్‌లో సరఫరా నిలిచినప్పుడు లైన్‌మెన్ భద్రత దృష్ట్యా ఇన్వర్టర్ స్వయంచాలకంగా ఉత్పత్తిని ఆపివేస్తుంది." చదవడానికి బాగానే ఉంటుంది, గట్టిగా పలికితే ఊపిరి చాలదు. స్క్రిప్టులో అదే విషయం ఇలా అయింది:

"మధ్యాహ్నం రెండు. ఎండ దంచేస్తోంది. వీధిలో కరెంటు పోయింది. మీ ఇంటి మీద ప్యానెళ్లున్నాయి. అయినా మీ ఫ్యానూ ఆగిపోయింది. ఎందుకు? బయట స్తంభం ఎక్కి ఒకాయన తీగ సరిచేస్తున్నాడు. మీ ప్యానెళ్ల కరెంటు ఆ తీగలోకి వెళ్తే ఆయన ప్రాణానికే ప్రమాదం. అందుకే లైన్‌లో కరెంటు లేదని తెలియగానే ఇన్వర్టర్ తనే ఆగిపోతుంది. కరెంటు పోయినా ఇంట్లో ఫ్యాన్ తిరగాలంటే బ్యాటరీ, దానికి తగిన హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టించుకోవాలి."

పేజీని రెండు నిలువు భాగాలు చేసి ఎడమవైపు మాట, కుడివైపు ఆ సమయంలో తెర మీద కనిపించేది రాస్తాను. కుడివైపు ఖాళీగా ఉన్న వాక్యం వీడియోకు పనికిరాదు, దాన్ని పోస్టుకు పంపేస్తాను. పై స్క్రిప్టులో ప్రతి వాక్యానికీ ఒక దృశ్యం ఉంది: ఎండ, ఆగిన ఫ్యాన్, స్తంభం, ఇన్వర్టర్ మీద లైటు. నిడివిని మాటల లెక్కతో అంచనా వేయకండి. నిమిషానికి 130, 150 మాటలని చెప్పే లెక్కలు ఇంగ్లీషువి. మన మాటలు పొడుగు, నాకు నిమిషానికి వంద కూడా పట్టవు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి గట్టిగా చదివి చూసుకోండి. నాలుక తడబడిన చోట వాక్యాన్ని రెండుగా విరవండి.

అన్ని వ్యాసాలకూ ఇది కుదరదు. ఒక వాదాన్ని మెట్టు మెట్టుగా కట్టుకుంటూ పోయే వ్యాసమైతే, మధ్యలో ఒక మెట్టు తీసి పోస్టుగా పెడితే మీరు అననిది అన్నట్టు అవుతుంది. అలాంటివాటికి న్యూస్‌లెటర్ ఒక్కటే చేస్తాను, అది కూడా వ్యాసం ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్పడానికి.

షీట్‌లో నాలుగో గడి కూడా పెట్టుకోండి: ఈ అంకె ఏ తేదీన సరిచూశాను, ఎక్కడెక్కడ వాడాను అని. రేపు సబ్సిడీ మారితే వ్యాసం ఒక్కటి సరిదిద్దితే చాలదు. పోస్టు తీసేయాలి, వీడియో కింద సవరణ పిన్ చేయాలి, న్యూస్‌లెటర్ తర్వాతి సంచికలో కొత్త లెక్క ఇవ్వాలి. వీడియోను మళ్లీ తీయడం కష్టం కాబట్టి మారే అవకాశమున్న అంకెలను నోటితో చెప్పకుండా, కింద వివరణలోనే రాస్తాను.