రెండో వైపు మీసాలు ముట్టుకోకు

మల్లేశ్వరం, బెంగళూరు

చి.ల.సౌ. స్వాతికి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్న రాత్రి నువ్వు పంపిన ఫోటోలు కళ్ళజోడు పెట్టుకుని రెండు మూడు సార్లు చూశాను. మీ పిల్లి మల్లికి ఎడమ వైపు మీసాలు బియ్యపుగింజంత మొదళ్ళే మిగిలాయి. కుడి వైపువి మాత్రం పూర్తిగా ఉన్నాయి. గ్రూమింగ్ షాపు అబ్బాయి ఒక వైపు కత్తిరించగానే పిల్లి గింజుకుందనీ, అందుకే ఆపేశాడనీ రాశావు. "ఒక వైపే ఉంటే తూలిపోతుందేమో, రెండో వైపు కూడా సమానం చేసేస్తే మంచిదా పెదనాన్నా?" అని అడిగావు.

వద్దమ్మా. కత్తెర లోపల పెట్టెయ్యి. ఆ కుడి వైపు మీసాలే ఇప్పుడు దానికి మిగిలిన ఆధారం.

"వెంట్రుకలే కదా మేడమ్, మళ్ళీ వస్తాయి" అన్నాడట ఆ అబ్బాయి. అందులో సగం నిజం ఉంది. మీసం వెంట్రుకలో ప్రాణం లేదు, కత్తిరించినప్పుడు మల్లికి నొప్పి పుట్టలేదు. (పీకితే మాత్రం బాగా నొప్పి పుడుతుంది.) నొప్పి లేదు కాబట్టే హాని కూడా లేదని చాలామంది అనుకుంటారు. కానీ మీసం పని చేసేది వెంట్రుకలో కాదు, దాని కుదురులో. ఒంటి మీది మామూలు బొచ్చు కంటే మీసం కుదురు చర్మంలో దాదాపు మూడు రెట్లు లోతుగా ఉంటుంది. దాని చుట్టూ రక్తంతో నిండిన చిన్న తిత్తి, ఆ తిత్తిని అల్లుకుని నరాల కొసలు ఉంటాయి. మీసం కొన కొద్దిగా వంగినా మొదలు కదులుతుంది, ఆ కదలిక నరానికి తెలుస్తుంది. చీకట్లో చేతికర్రతో దారి వెతుక్కునే మనిషిని గుర్తు తెచ్చుకో. కర్రకు స్పర్శ ఉండదు, అయినా ముందు గుంట ఉందో రాయి ఉందో అరచేతికి తెలిసిపోతుంది. ఆ కర్రను జానెడు ముక్క చేసి ఇస్తే అరచేయి బాగానే ఉంటుంది, గుంట మాత్రం కాలు పడ్డాకే తెలుస్తుంది. మల్లి ఎడమ వైపు ఇప్పుడు అదే పరిస్థితిలో ఉంది.

పిల్లికి కళ్ళు బాగా కనిపిస్తాయి కదా, మీసాలతో ఏం పని అని అల్లుడుగారు అడిగారన్నావు. మంచి ప్రశ్నే. పిల్లి కన్ను దూరానికీ మసక వెలుతురుకూ తయారైంది. జానెడు దూరం కంటే దగ్గరికి వచ్చిన వస్తువు దానికి అలికేసినట్టు కనిపిస్తుంది. బాల్కనీలో బల్లిని పట్టడానికి దూకినప్పుడు ఆఖరి క్షణంలో ఆ బల్లి దాని కంటికి స్పష్టంగా ఉండదు. అప్పుడు మీసాలు రెండు వైపుల నుంచీ ముందుకు వచ్చి బల్లి చుట్టూ బుట్టలా మూసుకుంటాయి. అది ఎటు కదులుతోందో వాటికే తెలుస్తుంది. కావాలంటే సాయంత్రం మల్లి ముందు ఒక ఈకను ఆడించి చూడు, మూతి ముందుకు తోసినట్టు మీసాలన్నీ ముందుకు వస్తాయి. భయపడినప్పుడు అవే చెంపలకు అంటుకుపోతాయి. రెండు చెంపల మీదా కలిపి సుమారు ఇరవై నాలుగు ఉంటాయి, నాలుగు వరసలుగా. పై వరసలను కింది వరసలతో సంబంధం లేకుండా కదపగలదు.

ఇక రెండో వైపు ఎందుకు వద్దన్నానో చెప్తాను. నేను పశువైద్యంలో ఉన్న రోజుల్లో బసవనగుడిలో ఒక ఇంటి పిల్లిని చూశాను. కార్తీకమాసంలో తులసికోట దగ్గర దీపం వాసన చూడబోయి కుడి వైపు మీసాలన్నీ కాల్చుకుంది. చర్మానికి ఏమీ కాలేదు. ఇంటివాళ్ళు దాన్ని తీసుకొచ్చింది మాత్రం వారం తర్వాత, "దీనికి కన్ను పోయిందేమో చూడండి" అని. రాత్రిపూట కుర్చీ కాళ్ళకు కుడి భుజం తగిలించుకుంటోందట. కిటికీ గట్టు మీదికి ఒక్క దూకుడులో ఎక్కేది, ఇప్పుడు కింద నిలబడి రెండు మూడు సార్లు తల ఊపి వెనక్కి తగ్గుతోందట. కళ్ళలో లైటు వేసి చూశాను, రెండూ బాగానే ఉన్నాయి. అప్పుడు గదిలో వదిలి, లైటు తీసేసి, తలుపు సందులోంచి వచ్చే వెలుతురులో కాసేపు గమనించాను. అది ఎడమ చెంపను గోడకు దగ్గరగా పెట్టుకుని, మంచి మీసాలను గోడకు రాసుకుంటూ నడిచింది. మూల రాగానే తల తిప్పి ఎడమ వైపుతోనే తడిమింది. పోయిన వైపు పనిని కూడా ఉన్న వైపుతో చేయించుకుంటోందన్నమాట. ఆ రోజు దాని మిగిలిన మీసాలను 'సమానం' చేసి ఉంటే ఆ గోడ కూడా దానికి దక్కేది కాదు.

ఆ పిల్లికి రెండున్నర నెలలకు మీసాలు దాదాపు పూర్తిగా వచ్చాయి. మల్లికీ రెండు మూడు నెలలు అనుకో. అన్నీ ఒకేసారి ఒకే పొడవుకు రావు. కొన్ని మొదళ్ళు ఊడిపోయి, వాటి చోట కొత్తవి మొలవాలి. కాబట్టి నెల తర్వాత నాలుగు పొడుగ్గా, నాలుగు పొట్టిగా కనిపిస్తే కంగారు పడకు. నూనెలు, విటమిన్ మాత్రలు ఏవీ అక్కర్లేదు.

ఈ రెండు మూడు నెలలు మీ మారతహళ్ళి ఫ్లాటులో చేయాల్సిన పనుల్లో మొదటిది బాల్కనీ. మీది నాలుగో అంతస్తు. పిట్టగోడ మీద నడవడం దానికి అలవాటే అయినా, ఇప్పుడు దూకేటప్పుడు అంచనా తప్పవచ్చు. వల కట్టించేదాకా బాల్కనీ తలుపు మూసే ఉంచు. గ్రిల్ సందుల సంగతి కూడా చెప్తాను. మీసాల వెడల్పు సుమారుగా ఒంటి వెడల్పంత ఉంటుంది, దూరబోయే సందు సరిపోతుందో లేదో పిల్లి వాటితో తడిమి చూసుకుంటుంది. కచ్చితమైన కొలత కాదది. పిల్లి లావైతే మీసాలు దాంతోపాటు పెరగవు. మల్లి కొంచెం బొద్దుగా ఉంది, పైగా ఒక వైపు మీసాలు లేవు, కాబట్టి ఇరుకు సందులు ఏవైనా ఉంటే అట్టముక్క పెట్టి మూసెయ్యి.

ఇంట్లో సోఫా, మంచం, దాని మట్టి తొట్టి ఉన్న చోటు నుంచి కదపొద్దు. దారి దానికి గుర్తుంటుంది, ఆ గుర్తు మీద నడవనివ్వు. రాత్రి హాల్లో ఒక జీరో బల్బు వెలగనివ్వు. పిల్లి కన్నుకు ఆ కాస్త వెలుతురు చాలు. మసక వెలుతురులో చూడగలదు కానీ కటిక చీకట్లో పిల్లికీ కనిపించదు, అక్కడ దానికి మీసాలే దిక్కు. కరెంటు పోయినప్పుడు ఎత్తు మీద ఉంటే నువ్వే దించు. అన్నం లోతు గిన్నెలో కాకుండా పళ్ళెంలో పెట్టు, మూతి అంచుకు కొట్టుకోకుండా తింటుంది. చిన్నోడితో చెప్పు, ఎడమ వైపు నుంచి హఠాత్తుగా ముట్టుకోవద్దని. ముందు పేరు పెట్టి పిలిచి, తర్వాత చెయ్యి చాపాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, కళ్ళు ఒక ఎత్తు. ఫోటోలో ఎడమ కంటి పైన ఉండే పొడుగు వెంట్రుకలు కూడా నాకు కనిపించలేదు. వెలుతురులో ఒకసారి చూడు. అవీ మీసాల జాతివే. వాటికి పుల్లో ఆకో తగలగానే కన్ను దానంతటదే మూసుకుంటుంది. మల్లి పర్షియన్, ముఖం చప్పిడి, కళ్ళు బయటికి ఉంటాయి, కాబట్టి దానికి ఆ కాపలా మామూలు పిల్లి కంటే ఎక్కువ అవసరం. కుండీల్లో ఎండు పుల్లలు, చీపురు దాని ముఖం ఎత్తులో లేకుండా చూసుకో. ఒక కన్ను సగం మూసి ఉన్నా, మామూలు కంటే ఎక్కువ నీరు కారుతున్నా, కాలితో రుద్దుకుంటున్నా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. నల్లగుడ్డు మీద గీత పడి ఉండవచ్చు. ఇంట్లో ఉన్న చుక్కల మందు వేయొద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే గీత కాస్తా పుండవుతుంది.

ఇంకొక మాట. రేపు నేల మీద ఒక మీసం దొరికితే షాపువాడి మీద కోపం తెచ్చుకోకు. అప్పుడప్పుడూ ఒకటో రెండో ఊడడం సహజం. ఊడిన దానికి లావైన మొదలు, చివర సూదిలా సన్నటి కొన ఉంటాయి. కత్తెర పడినది చివర మొద్దుగా ఉంటుంది. కాలినది ముడుచుకుని చివర పూసలా గట్టిపడుతుంది. ఒకేసారి చాలా ఊడితే, లేదా ఊడిన చోట పొట్టు, ఎర్రదనం, గుండ్రంగా బొచ్చు పోవడం కనిపిస్తే అది చర్మం జబ్బు. తామర అయితే చిన్నోడికీ అంటుకుంటుంది, అశ్రద్ధ చేయొద్దు.

ఆ షాపుకే వెళ్తానన్నావు. అబ్బాయి చెడ్డవాడు కాదు, అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఈసారి పిల్లిని ఇచ్చేటప్పుడు వేలితో చూపించి చెప్పు: మూతి మీసాలు, కంటి పైవి, చెంపల మీదివి, గడ్డం కిందివి, ముందు కాళ్ళ వెనక మణికట్టు దగ్గర ఉండే నాలుగైదు పొడుగు వెంట్రుకలు, వీటి దరిదాపుల్లోకి కత్తెర గానీ మిషన్ గానీ రాకూడదని. ఆ కాళ్ళ వెనకవి చాలామందికి తెలియనే తెలియవు. పట్టుకున్నదాన్ని కాళ్ళ మధ్య అదిమినప్పుడు అది కదులుతోందో లేదో వాటితో తెలుసుకుంటుంది. చెంపల దగ్గర బొచ్చు చిక్కు పడితే వేళ్ళతో విడదీయమను, లేదా నువ్వే రోజూ దువ్వు. పెదవి దగ్గర గాయానికి కుట్లు వేయడానికి డాక్టరు ఒకటి రెండు తీసేస్తే అది వేరే సంగతి, అప్పుడు అడ్డు చెప్పకు.

ఆదివారం పొద్దున టిఫిన్ వేళకు మీ ఇంటికి వస్తాను. ఆ ఎడమ కన్ను నేనే చూస్తాను. నేను వచ్చేసరికి మల్లి మంచం కింద దూరకుండా పడకగది తలుపు వేసి ఉంచు.

ఇట్లు,
మీ పెదనాన్న