నెలలు నిండాయి, గంటలు నిండలేదు

ప్రశ్న: డి.ఫార్మసీ పరీక్షలు పాసై, ఒక మెడికల్ షాపులో మూడు నెలలకు పైగా ట్రైనింగ్ చేశాను. మొత్తం 80 రోజులు, రోజుకు ఆరు గంటలు. పొద్దున మూడు గంటలు సరుకు సర్దేదాన్ని, సాయంత్రం మూడు గంటలు కౌంటర్లో ఉండేదాన్ని. మధ్యలో ఫార్మసిస్టు గారు తొమ్మిది రోజులు సెలవు పెట్టారు. ఓనరు 500 గంటలని రాసిచ్చినా కాలేజీ ఫారం వెనక్కిచ్చింది. నాన్నగారికి ఒంట్లో బాగోలేదు, ఉద్యోగం చేతిదాకా వచ్చి ఆగింది. స్నేహితురాలు వేరే షాపు సర్టిఫికెట్ ఇప్పిస్తానంటోంది. కోర్టుకు వెళ్లనా? – ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఇప్పుడు కోర్టుకు వెళితే మీరే ఓడిపోతారు. నిబంధన అడిగేది మూడు నెలలు మాత్రమే కాదు. ఆ మూడు నెలలకు తగ్గకుండా 500 గంటలు చేయాలి, అందులో కనీసం 250 గంటలు డాక్టరు చీటీ చూసి మందులు ఇవ్వడంలో గడపాలి. మీ లెక్క ప్రకారమే మొత్తం 480, కౌంటర్లో 240. రెండూ చాలవు.

అసలు చిక్కు ఆ తొమ్మిది రోజుల్లో ఉంది. రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణ లేకుండా చీటీ మీద మందు ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. ఆ 54 గంటలు తీసేయండి. మిగిలేవి 426, అందులో కౌంటర్ గంటలు 213. ఈ కూడిక ప్రతి శనివారం వేసుకుని ఉంటే మూడో నెలలోనే తెలిసేది. సంతకం పెట్టించే ముందైనా చూసుకోకపోవడం మీ అజాగ్రత్తే.

వేరే షాపు సర్టిఫికెట్ జోలికి పోవద్దు. కాంట్రాక్టు ఫారం మూడు ప్రతులుగా ఉంటుంది. మీరు ఎక్కడ చేరారో రాసిన మొదటి ప్రతి ట్రైనింగ్ మొదలైనప్పుడే కాలేజీకి చేరుతుంది. ఇప్పుడు మరో షాపు కాగితం పెడితే రెండూ పొసగవు. ఒకవేళ రిజిస్ట్రేషన్ వచ్చినా, తప్పుడు సమాచారంతో పొందారని తేలితే ఫార్మసీ చట్టం 36వ సెక్షన్ కింద పేరు తొలగిస్తారు. ఫోర్జరీ, మోసం కేసులు దానికి అదనం.

మీకు కావలసింది పదమూడు రోజులు. అదే పద్ధతిలో రోజుకు ఆరు గంటలు చేస్తే మొత్తం 504, కౌంటర్లో 252 అవుతాయి. ఒక్క సెలవు పడినా చాలవు కాబట్టి పదిహేను రోజులు వేసుకోండి. అదే షాపులో ట్రైనింగ్ కొనసాగించడానికి ప్రిన్సిపల్‌కు అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. తేదీ, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, అందులో కౌంటర్ గంటలు ఏ రోజుకారోజు రాసి, ఫార్మసిస్టుతో అదే రోజు సంతకం పెట్టించండి. నెలాఖరున ఒకే పెన్నుతో నింపిన పుస్తకాన్ని ఎవరూ నమ్మరు.

పాత 71 రోజులకు మీ హాజరు పుస్తకం, ఫార్మసిస్టు హాజరు పుస్తకం రెండింటి జిరాక్సు ఇప్పుడే తీసుకోండి. మందుల అమ్మకం రిజిస్టర్లను చివరి నమోదు నుంచి రెండేళ్లు ఉంచితే షాపుకు చాలు. తర్వాత అడిగితే లేవంటారు. రిట్ వేయడానికి గడువంటూ చట్టంలో రాసి లేకపోయినా, కారణం లేని ఆలస్యాన్ని హైకోర్టు మన్నించదు.

ఓనరు పాత 500 అంకె కొట్టేసి, అసలు తేదీలతో, నిజమైన మొత్తంతో ఫారం నింపాలి. అలా ఇచ్చాక కూడా కాలేజీ తిరస్కరిస్తే, కారణం రాతపూర్వకంగా అడగండి. రిట్‌కు ఆధారం ఆ కాగితమే.