నిధులు ఆగాక పథకాన్ని ఎవరు నడుపుతారు?

ప్రశ్న: సార్, నేను గ్రామీణాభివృద్ధిలో పీజీ చివరి సంవత్సరం చదువుతూ, దాతల నిధులతో నడిచే తాగునీటి ప్రాజెక్టులో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. ఏడాదిన్నరలో నిధులు ముగుస్తాయి. నిష్క్రమణ ప్రణాళిక రాయమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇది ఉద్యోగానికి ఉపయోగపడుతుందా?

సమాధానం: ముందుగా, ప్రాజెక్టు సిబ్బంది ఇప్పుడు చేస్తున్న ప్రతి పనినీ, ఫోన్ చేసి మెకానిక్‌ను పిలిపించడంతో సహా, ఒక కాగితంపై రాయండి. ప్రతి పని ఎదురుగా రేపు దాన్ని ఎవరు చేస్తారో, వారికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, వారు ఎందుకు చేస్తారో రాయండి. "ఊరి నీటి కమిటీ చూసుకుంటుంది" అని రాయవలసి వచ్చిన చోటల్లా ప్రణాళికలో ఖాళీ ఉన్నట్లే లెక్క.

డబ్బు సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. ఉదాహరణకు, 120 ఇళ్లకు నీరిచ్చే పథకం ఏడాది ఖర్చును 100 పాళ్లనుకుందాం. అందులో పంపు ఆపరేటర్ జీతం 45, క్లోరిన్, చిన్న మరమ్మతులు 20, పంపు పాడైతే కొత్తది కొనేందుకు దాచవలసింది 35. ఖర్చంతా అన్ని ఇళ్లకూ సమానంగా పంచి రుసుము నిర్ణయించారనుకుంటే, 80 ఇళ్లే కట్టినప్పుడు వచ్చేది సుమారు 67 పాళ్లు. జీతం, మరమ్మతులు గడిచిపోతాయి, నీళ్లూ వస్తూనే ఉంటాయి, కానీ దాచే నిధికి మిగిలేది రెండు పాళ్లే. కొన్నేళ్ల తర్వాత మోటారు కాలిపోయిన రోజున గానీ ఈ లోటు ఎవరికీ తెలియదు. అందుకే కుళాయిలో నీరు కాకుండా కమిటీ బ్యాంకు పాస్‌బుక్ చూడండి. ప్రతి నెలా జమ పడుతోందా, ఆ జమ ప్రజలదా, ప్రాజెక్టుదా అన్నది అక్కడే తేలుతుంది.

ముగింపు నాటి ఫలితాలు ఎంత బాగున్నా వాటిని నమ్ముకోవద్దని నేను గట్టిగా చెబుతాను. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బొలీవియా, హోండురస్, ఇండియా, కెన్యాలలో ఆహార సహాయ ప్రాజెక్టులు ముగిసిన తర్వాత పరిశీలించినప్పుడు, ముగింపు సమయంలో కనిపించిన విజయం ఆ తర్వాత నిలకడను తప్పనిసరిగా సూచించదని తేలింది. వనరులు, సామర్థ్యం, ప్రేరణ, బయటి సంస్థలతో సంబంధాలు కొనసాగడం నిలకడకు కీలకమని వారు గుర్తించారు.

కాబట్టి నిధులు ఉండగానే వెనక్కి తగ్గాలి. చివరి ఆరు నెలలు జీతం, మరమ్మతుల ఖర్చు పూర్తిగా కమిటీయే భరించేలా చేసి, మీ బృందం కేవలం గమనించాలి. అప్పుడు ఏది విరిగినా సరిచేయడానికి సమయం, డబ్బు రెండూ మిగిలి ఉంటాయి. ట్యాంకు కట్టిన స్థలం మాట మీద ఇచ్చినదైతే, దాని హక్కు పత్రాలను, పరికరాల అప్పగింతకు దాత రాతపూర్వక అనుమతిని కూడా ఈలోగానే తెచ్చుకోవాలి.

ఉద్యోగం విషయానికొస్తే, ప్రాజెక్టు మేనేజ్‌మెంట్, పర్యవేక్షణ–మూల్యాంకన విభాగాల్లో ఈ అనుభవానికి విలువ ఉంటుంది. ఇంటర్వ్యూకు మీ పనుల పట్టికను, కమిటీ ఆదాయ వ్యయాల లెక్కను, సంస్థ అనుమతితో, ఊరి పేరు తీసేసి తీసుకెళ్లండి. ఏ ఖాళీని ఎలా పూడ్చారో, ఏది పూడ్చలేకపోయారో రెండూ చెప్పండి.