ఏడాది చివర వచ్చే సప్లయర్ రిబేటు: ఏ శాతంతో లెక్కలో చూపాలి, క్లెయిమ్ ఎలా వేయాలి?

ప్రశ్న: మాది గాజువాక ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ యూనిట్. వెల్డింగ్ ఎలక్ట్రోడ్ల సప్లయర్‌తో ఏడాది మొత్తం కొనుగోళ్ల మీద రిబేటు ఒప్పందం ఉంది. 2 కోట్ల లోపు ఏమీ రాదు, 2 కోట్లు దాటితే 2 శాతం, 3 కోట్లు దాటితే 4 శాతం. డబ్బు మాత్రం మార్చి తరువాతే ఇస్తారు. మూడు నెలల లెక్కల్లో దీన్ని చూపవచ్చా? చూపితే ఏ శాతంతో? క్లెయిమ్ దగ్గర గొడవలు రాకుండా ఏం చేయాలి?

జవాబు:

ముందుగా ఒప్పందంలో ఒక వాక్యాన్ని సరిచూసుకోండి. 3 కోట్లు దాటినప్పుడు 4 శాతం మొదటి రూపాయి నుంచీ వర్తిస్తుందా, లేక 3 కోట్ల పైన కొన్న సరుకుకే వర్తిస్తుందా అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. మీరు రాసిన తీరును బట్టి మొదటి రకమని అనుకుని చెబుతున్నాను. విశాఖలోనే ఒక ఫ్యాబ్రికేషన్ కంపెనీలో కొనుగోళ్ల లెక్కలు చూసిన రోజుల్లో నా ముందుకు వచ్చిన ఒప్పందాల్లో ఎక్కువ ఈ రకానివే.

మూడు నెలల లెక్కల్లో చూపవచ్చు. మధ్యంతర లెక్కల అకౌంటింగ్ ప్రమాణమైన ఇండ్ ఏఎస్ 34 ఈ విషయాన్ని నేరుగానే చెబుతుంది: ఒప్పందం ప్రకారం రావలసిన రిబేటు దక్కే అవకాశం బలంగా ఉంటే మధ్యంతర లెక్కల్లో ముందుగానే తీసుకోవాలి, సప్లయర్ తన ఇష్టం కొద్దీ ఇచ్చే దానిని తీసుకోకూడదు. అందువల్ల సంతకాలు చేసిన కాగితం చేతిలో ఉండాలి. సేల్స్ అధికారి ఫోనులో ‘ఈ ఏడాది కూడా చూసుకుంటాం లెండి’ అన్న మాట మీద ఒక్క రూపాయి కూడా రాయకండి.

శాతం విషయంలోనే చాలామంది తడబడతారు. ఈ రోజు వరకు ఏ స్లాబు దాటామన్నది కాక, మార్చి 31 నాటికి ఏ స్లాబులో ఉంటామన్నది చూడాలి. ఉదాహరణకు ఏప్రిల్‌లో మీ ఉత్పత్తి ప్రణాళిక ప్రకారం ఏడాది కొనుగోళ్లు 3.2 కోట్లు అవుతాయని తేలిందనుకుందాం. జూన్ నాటికి కొన్నది 70 లక్షలే అయినా, దాని మీద 4 శాతం, అంటే 2.8 లక్షలు ‘రావలసిన రిబేటు’ ఖాతాకు డెబిట్ చేసి కొనుగోలు ధరలో తగ్గించాలి. రెండో త్రైమాసికంలో మరో 85 లక్షలు కొన్నారు, అంచనా మారలేదు. మొత్తం 1.55 కోట్ల మీద రిబేటు 6.2 లక్షలకు చేరుతుంది.

డిసెంబరులో ఒక పెద్ద ఆర్డరు వాయిదా పడి, ఏడాది అంచనా 2.7 కోట్లకు దిగిందనుకోండి. అప్పటికి కొన్నది 2.1 కోట్లు. ఇప్పుడు ఆ త్రైమాసికంలో కొన్న 55 లక్షలకు మాత్రమే 2 శాతం వేస్తే సరిపోదు. మొదటి నుంచి కొన్న 2.1 కోట్ల మీద 2 శాతం లెక్కిస్తే రావలసినది 4.2 లక్షలు, పుస్తకాల్లో ఉన్నది 6.2 లక్షలు. కాబట్టి 2 లక్షలు వెనక్కి తీయాలి. ఇది అంచనాలో వచ్చిన మార్పే కాబట్టి పాత త్రైమాసికాలను తిరగదోడనవసరం లేదు. అంచనా 3 కోట్లకు అటూ ఇటూ ఊగుతున్నప్పుడు మాత్రం నేను తక్కువ శాతమే రాయించేవాణ్ణి. ఎక్కువ వస్తే మార్చిలో కలుపుకోవచ్చు, రానిదాన్ని లాభంలో చూపి తరువాత తీసేస్తే యాజమాన్యానికి జవాబు చెప్పడం కష్టం.

రిబేటు మొత్తాన్ని ఇతర ఆదాయం కింద వేయవద్దు. అది సరుకు ధరలో తగ్గింపు. ఏడాది చివర 2.7 కోట్ల మీద 5.4 లక్షల రిబేటు తేలి, ఆ సరుకులో ఐదో వంతు ఇంకా స్టోర్సులో ఉంటే 1.08 లక్షలు నిల్వ విలువలో తగ్గాలి, మిగిలిన 4.32 లక్షలే వాడిన సరుకు ఖర్చును తగ్గిస్తాయి. ఆడిటర్లు మొదట అడిగేది ఇదే.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఒక ఆశ పుడుతుంది. మరో 30 లక్షల సరుకు కొంటే 3 కోట్లు చేరుతుంది, రిబేటు 5.4 లక్షల బదులు 12 లక్షలు అవుతుంది, అంటే 6.6 లక్షలు అదనం. కాగితం మీద ఇది మంచి బేరమే. కానీ తక్కువ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్లు తేమను పీల్చుకుంటాయి, మన సముద్రపు గాలిలో పెట్టెలు విప్పి ఉంచితే మళ్లీ ఓవెన్‌లో కాల్చనిదే వాడలేం. వచ్చే ఏడాది అదే గ్రేడు అవసరమని ఉత్పత్తి విభాగం రాసి ఇస్తే కొనండి. స్లాబు పదం ‘దాటితే’ అయితే సరిగ్గా 3 కోట్లతో ఆగడం ప్రమాదమని కూడా గుర్తుంచుకోండి.

ఇక క్లెయిమ్. గొడవలన్నీ ఏయే కొనుగోళ్లు లెక్కలోకి వస్తాయన్న దాని చుట్టూనే తిరుగుతాయి. మేము 2.7 కోట్లు చూపితే సప్లయర్ 2.52 కోట్లు చూపిన సందర్భం ఒకటి చెబుతాను. తేడా 18 లక్షల్లో 6 లక్షలు మేము తిప్పి పంపిన సరుకు, దాన్ని వాళ్లు తీసివేయడం న్యాయమే. 8 లక్షలు ఒక ప్రాజెక్టుకు ప్రత్యేక ధరకు ఇచ్చినవి, వాటికి రిబేటు ఉండదని ఒప్పందంలోనే ఉంది. మిగిలిన 4 లక్షలకు బిల్లు మార్చి 30న వేశారు, లారీ మా గేటుకు ఏప్రిల్‌లో వచ్చింది. బిల్లు తేదీ లెక్కా, సరుకు అందిన తేదీ లెక్కా అన్నది ఎక్కడా రాయలేదు. చివరికి బిల్లు తేదీ ప్రకారం మాకు అనుకూలంగా తేలినా, దానికి నెలలు పట్టింది. 2.56 కోట్ల మీద 2 శాతం, 5.12 లక్షలు వచ్చాయి. అందుకే ప్రతి త్రైమాసికం చివర బిల్లుల జాబితాతో, తిప్పి పంపిన సరుకును తీసివేసి, సప్లయర్ సంతకంతో లెడ్జరు సరిపోల్చుకోవాలి. మార్చిలో ఒకేసారి పోల్చుకోబోతే, వాళ్ల వైపు మనిషి బదిలీ అయిపోయి ఉంటాడు.

క్రెడిట్ నోటు వచ్చినప్పుడు జీఎస్టీని చూడండి. సప్లయర్ జీఎస్టీతో నోటు ఇస్తే అంతమేరకు మీ ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి, జీఎస్టీ లేకుండా వాణిజ్య క్రెడిట్ నోటు ఇస్తే ఇన్‌పుట్ క్రెడిట్ అలాగే ఉంటుంది. రెండు రకాల్లోనూ మీకు మిగిలేది పన్ను లేని రిబేటే కనుక, పుస్తకాల్లో రాసేటప్పుడు పన్నును కలపకండి. నష్టం మరోచోట ఉంది: సప్లయర్ 5.4 లక్షలకే, పన్నుతో కలిపి నోటు ఇచ్చి చేతులు దులుపుకుంటే, 18 శాతం పన్ను పోగా మీకు మిగిలేది సుమారు 4.58 లక్షలే. రిబేటుకు పన్ను అదనమని ఒప్పందంలో ముందే రాయించండి. జీఎస్టీతో నోటు ఇచ్చే గడువు ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 వరకే (ఆ లోపే వార్షిక రిటర్ను వేస్తే, ఆ తేదీ వరకే). క్లెయిమ్ అంతకన్నా ఆలస్యమైతే సప్లయర్ తన పన్నును తగ్గించుకోలేడు, అప్పుడు ఆ భారాన్ని మీ రిబేటులోంచి కోయాలని చూస్తాడు. ఏప్రిల్‌లోనే, ఆడిట్ మొదలవకముందే, క్లెయిమ్ పత్రం ఈమెయిల్‌లో పంపి, అందినట్టు జవాబు తీసుకోండి.