రెండు వారాల్లో 48 గంటలు: మెల్‌బోర్న్ విద్యార్థికి సమాధానం

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో ఐటీలో మాస్టర్స్ మొదటి సెమిస్టర్ చదువుతున్నాను. వారాంతాల్లో ఒక సూపర్‌మార్కెట్‌లో 12 గంటలు పని ఉంది. ఒక రెస్టారెంట్ యజమాని గంటకు 18 డాలర్లు చేతికి ఇస్తాను, ఎన్ని గంటలు చేసినా లెక్కలోకి రాదు అంటున్నారు. ఒప్పుకోవచ్చా? చదువు దెబ్బతినకుండా ఎంత పని చేయవచ్చు?

జవాబు: ఒప్పుకోకండి. డబ్బు బ్యాంకు ద్వారా వచ్చినా, చేతికి వచ్చినా మీరు చేసిన పని పనే. తరగతులు, పరీక్షలు జరుగుతున్న కాలంలో మీ విద్యార్థి వీసా అనుమతించేది రెండు వారాలకు 48 గంటలు మాత్రమే. సూపర్‌మార్కెట్, రెస్టారెంట్, సొంతంగా పనిచేసేవారికి ఇచ్చే ఏబీఎన్ అనే వ్యాపార నంబరు తీసుకుని చేసే డెలివరీ, ఇవన్నీ కలిపే ఆ లెక్క. సెమిస్టర్ల మధ్య సెలవుల్లో ఈ పరిమితి ఉండదు.

నిబంధన తెలిసినవాళ్లు కూడా లెక్క కట్టడంలో పొరపాటు పడుతుంటారు. ఇక్కడ రెండు వారాలంటే ఏదైనా ఒక సోమవారం నుంచి మొదలయ్యే 14 రోజులు. ప్రతి సోమవారంతోనూ ఒక కొత్త రెండు వారాల గడువు మొదలవుతుంది కాబట్టి, ప్రతి వారం గంటలూ దాని ముందు వారంతో ఒకసారి, తర్వాతి వారంతో మరోసారి కలుస్తాయి. ఒక విద్యార్థి మొదటి వారం 14, రెండో వారం 34, మూడో వారం 20, నాలుగో వారం 20 గంటలు చేశారనుకుందాం. మొదటి రెండు వారాలు కలిపితే సరిగ్గా 48, చివరి రెండు కలిపితే 40. రెండు వారాలకోసారి వచ్చే రెండు పేస్లిప్పులూ సక్రమంగానే కనిపిస్తాయి. కానీ రెండో, మూడో వారాలు కలిపితే 54 గంటలవుతాయి, అక్కడ వీసా షరతు ఉల్లంఘన జరిగిపోయింది. సగటు తీసి చూస్తే వారానికి 22 గంటలేనన్న వాదన ఇక్కడ చెల్లదు. అందుకే పేస్లిప్పుల మీద ఆధారపడకుండా, సోమవారం నుంచి ఆదివారం వరకు నిజంగా పనిచేసిన గంటలను మీరే రాసుకోండి. షిఫ్టు ముగిశాక శుభ్రం చేయడానికి ఉండిపోయిన అరగంటను కూడా అందులో చేర్చండి.

ఇక ఆ 18 డాలర్ల సంగతి. 2025 జులై 1 నుంచి ఆస్ట్రేలియాలో జాతీయ కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు. నిర్ణీత గంటల హామీ లేని క్యాజువల్ ఉద్యోగికి దానిపై 25 శాతం అదనం, అంటే సుమారు 31.19 డాలర్లు. చట్టప్రకారం 20 గంటలు పనిచేస్తే పన్నుకు ముందు సుమారు 624 డాలర్లు వస్తాయి. ఆ యజమాని దగ్గర 30 గంటలు కష్టపడినా వచ్చేది 540 డాలర్లే. పది గంటలు ఎక్కువ పనిచేసి 84 డాలర్లు తక్కువ తెచ్చుకోవడం, పైగా వీసాను ప్రమాదంలో పెట్టుకోవడం ఎవరి మేలు కోసమో ఆలోచించండి. నగదు చెల్లింపు దానికదే నేరం కాదు, కానీ నగదు ఇచ్చినా జీతమిచ్చిన ఒక పనిదినంలోగా పేస్లిప్ ఇవ్వాలి. అది ఇవ్వనన్నవారు మిమ్మల్ని లెక్కల్లో చూపించడం లేదని అర్థం. తక్కువ జీతమిచ్చి, ఫిర్యాదు చేస్తే వీసా రద్దు చేయిస్తామని బెదిరించే యజమానులు ఉన్నారు. వీసాను రద్దు చేసే అధికారం ఏ యజమానికీ లేదు. అలాంటి సందర్భంలో ఉద్యోగుల హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ ఓంబుడ్స్‌మన్‌ను సంప్రదించవచ్చు.

చదువు విషయానికి వస్తే, పరిమితి 48 అయినంత మాత్రాన 48 చేయాలని లేదు. సెమిస్టర్‌కు నాలుగు సబ్జెక్టులు తీసుకుంటే, తరగతులు, అసైన్‌మెంట్లు కలిపి ఒక్కోదానికి వారానికి కనీసం పది గంటలు కావాలి. అంటే చదువుకే 40 గంటలు. మీ విషయంలో వారానికి 20 గంటల పని దాటవద్దని నా అభిప్రాయం. వారాంతంలో ఇప్పుడున్న 12 గంటలకు, వారం మధ్యలో నాలుగేసి గంటల సాయంత్రం షిఫ్టులు మరో రెండు చేర్చుకుంటే సరిపోతుంది. అలా చేస్తే అనుకోకుండా ఒక షిఫ్టు సాగినా రెండు వారాలకు ఎనిమిది గంటల వెసులుబాటు మిగులుతుంది. రాత్రంతా సాగే షిఫ్టులు మాత్రం ఒప్పుకోకండి. గంటల లెక్కలో అవి చిన్నవిగానే కనిపిస్తాయి కానీ మరుసటి రోజు తరగతిని పూర్తిగా మింగేస్తాయి. ఒక్క సబ్జెక్టు తప్పినా దాన్ని మళ్లీ చదవడానికి వేల డాలర్ల రుసుము కట్టాలి, అంటే ఆ అదనపు షిఫ్టుల సంపాదనంతా దానికే పోతుంది. తగినంత పురోగతితో చదవడం కూడా మీ వీసా షరతుల్లో ఒకటి.

సెమిస్టర్ మొదట్లోనే పరీక్షల తేదీలు, అసైన్‌మెంట్ గడువులు చూసుకుని, ఏ రోజుల్లో రాగలరో సూపర్‌మార్కెట్ మేనేజర్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి. క్యాజువల్ ఉద్యోగిగా మీకు వచ్చిన షిఫ్టును కాదనే హక్కు ఉంది. పరీక్షల ముందు వారానికి ఆ హక్కును ఇప్పుడే వినియోగించుకోండి, రోస్టర్ వేశాక అడగడం ఇద్దరికీ ఇబ్బంది.